ఎనభై దాటిన అవ్వ మూడుసార్లు రాసిన అర్జీ: సెటిల్‌మెంట్ సెక్షన్‌కు బహిరంగ లేఖ

రైల్వే డివిజనల్ పర్సనల్ ఆఫీసులో పెన్షన్ల పని నడిపే సెటిల్‌మెంట్ సెక్షన్ చూసే అధికారులకు, అక్కడ ఫైళ్ళు నడిపే గుమాస్తాలకు,

నమస్కారం.

2025 జనవరిలో మీ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో తెలుగులో రాసిన ఒక పేజీ అర్జీ ఎక్కి ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది, వెనక నాలుగు జిరాక్సులు ఉన్నాయి. పంపింది ఒక ఫ్యామిలీ పెన్షనర్. ఆమె భర్త గ్యాంగ్‌మ్యాన్. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రాక్ మెయింటైనర్ అంటున్నారు. ఆయన 1994లో రిటైరై 2009లో పోయారు. పేరు, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీఓ నంబరు అర్జీ మీదే ఉన్నాయి కనుక ఇక్కడ రాయడం లేదు. మా వాడకట్టులో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. నేనూ అదే మాట వాడతాను.

నేను వేరే డివిజన్‌లో ఇదే సెక్షన్‌లో చాలాకాలం పనిచేసి రిటైరైనదాన్ని. మీ టేబుల్ మీదికి వచ్చింది అవ్వ రాసిన మూడో ఉత్తరం. అంతకు ముందు రాసిన రెండూ ఆమె పంపలేదు, నా దగ్గర ఉన్నాయి. అవి మీకు చేరి ఉంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. ఆ సంగతి మీకు చెప్పవచ్చా అని అడిగితే, "చెప్పు బిడ్డా, నా పేరు మాత్రం తియ్యకు" అంది.

ముందు అసలు విషయం. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు వయసును బట్టి అదనపు పెన్షన్ వచ్చింది. ఎనభై నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్ళకు నూటికి నూరు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే భార్యలకూ ఇదే లెక్క. ఎనభై నిండే నెల ఒకటో తేదీ నుంచే ఇవ్వాలి. పీపీఓలో పుట్టిన తేదీ ఉంటే ఎవరూ అర్జీ పెట్టనక్కర్లేదు, బ్యాంకు పెన్షన్ సెంటరే లెక్కగట్టి వేస్తుంది.

చిక్కంతా ఆ తేదీ దగ్గరే. 1994లో గ్యాంగ్‌మ్యాన్ రిటైరైనప్పుడు తయారైన పీపీఓలో భార్య పేరు, సంబంధం రాస్తే సరిపోయేది. ఆమె ఎప్పుడు పుట్టిందన్న దానితో అప్పటికి ఎవరికీ పని లేదు, వయసును బట్టి పెన్షన్ పెరగడమనేదే లేదు కాబట్టి. ఆ గడి ఖాళీగా వదిలేశారు. అప్పటి గుమాస్తాను తప్పు పట్టలేం. కానీ 2008లో ఉత్తర్వులు వచ్చాక కూడా ఆ ఖాళీలు నింపే పని చాలాచోట్ల జరగలేదు. బ్యాంకు కంప్యూటర్లో తేదీ లేకపోతే ఆ మనిషికి వయసే లేనట్టు. ఎనభై వచ్చినా, ఎనభై అయిదు వచ్చినా అది పలకదు.

అవ్వకు ఈ సంగతి తెలిసిన తీరు వినండి. ప్రతి ఏడాది నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఎనభై దాటినవాళ్ళు రద్దీలో నిలబడకుండా అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వవచ్చని వెసులుబాటు ఉంది. 2024 అక్టోబరులో మనవడు ఆ మాట ఎక్కడో చదివి అవ్వను బ్యాంకుకు తీసుకుపోయాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీకు ఎనభై దాటినట్టు ఇందులో లేదు, నవంబర్లో రండి" అంది. అవ్వ అక్కడే నిలబడి, "నాకు ఎనభై దాటలేదా? మరి నేను ఎప్పుడు పుట్టినట్టు ఉన్నదమ్మా?" అని అడిగింది. ఆ అమ్మాయికి చెప్పడానికి ఏమీ లేదు, ఆ గడి ఖాళీ. క్యూలో వెనక నిలబడ్డ ఒక రిటైర్డు గార్డుగారు అది విని, "అయితే నీకు ఇరవై శాతం కూడా పడటం లేదన్నమాట" అని చెప్పారు. అవ్వ ఉత్తరాలు మొదలైంది అక్కడినుంచి.

అవ్వకు చదవడం రాయడం వచ్చు. చిన్నప్పుడు బడికి పోలేదు. తొంభైల్లో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడిలో నేర్చుకుంది. అక్షరాలు పెద్దవిగా, ఒక్కోటి విడివిడిగా ఉంటాయి. మనవడు రాసిపెడతానన్నా వినలేదు. "సంతకం నాదైతే రాత గూడ నాదే" అంది.

మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. "పెద్దసార్లకు దండాలు" అని మొదలవుతుంది. భర్త వానాకాలం రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని పట్టాల వెంట పెట్రోలింగుకు పోవడం, ఎండాకాలం ఇనుము కాలి చేతులు బొబ్బలెక్కడం, ఒకసారి ట్రాలీ మీదనుంచి పడి కాలు విరగడం, అన్నీ రాసింది. తర్వాత తన మోకాళ్ళు, మందుల ఖర్చు. మూడో పేజీలో మధ్యలో ఒక వాక్యం ఉంది: "పోలీసు యాక్షన్ అయిన యాడాది నాకు ఆరేండ్లు, మా తమ్ముడు అప్పుడే పుట్టిండు." చివరి పేజీలో, "ఎనభై నిండినోళ్ళకు పించిని పెంచుతరట, నాకు పెంచలే, దయ చూపున్రి."

అది చదివి నాకు నోట మాట రాలేదు. కానీ సెటిల్‌మెంట్ గుమాస్తాగా చదివితే ఏం కనిపిస్తుంది? పీపీఓ నంబరు లేదు. భర్త పేరు రెండో పేజీలో ఉంది, ఏ స్టేషన్ కింద చేశారో మూడో పేజీలో. కవరు విప్పే డాక్ గుమాస్తా మొదటి పేజీ పైభాగం, చివరి పేజీ కిందిభాగం చూస్తాడు. మందులు, మోకాళ్ళు, దయ చూపమని కనిపిస్తే అది ఆర్థిక సాయం కోరే అర్జీ అనుకుని వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ వైపు పంపేస్తాడు. అక్కడినుంచి ఒక రోజు "ఇటువంటి సాయానికి నిబంధనలు లేవు" అని జవాబు వస్తుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఫైలు తొక్కిపెట్టలేదు. అవ్వ అడిగింది మాత్రం ఎవరికీ వినపడలేదు.

ఇంకో సంగతి. ఆ ఉత్తరంలో అవ్వ అడిగింది పెన్షన్ పెంచమని. పెంచడం మీ చేతిలో లేదు, అది రూల్లోనే ఉంది. మీ చేతిలో ఉన్నది పీపీఓలో తేదీ ఎక్కించడం. ఆ కోరిక నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే గడి ఖాళీగా ఉందన్న సంగతి తప్ప, దాన్ని ఎవరు నింపాలో బ్యాంకులో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

నేను అదంతా ఆమెకు వివరించలేదు. "ఇందులో నీ పీపీఓ నంబరు ఏది అవ్వా?" అని మాత్రం అడిగాను. ఆమె ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రెండోది రాసింది కోపంలో. మళ్ళీ బ్యాంకుకు వెళితే ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారట, తెస్తే మేనేజరు లేడన్నారట. ఈ ఉత్తరం బ్యాంకు పేరు మీద రాసింది, అరపేజీ. "ఆధార్ కార్డుల 01-01-1942 అని ఉన్నది. 2022 జనవరికే నాకు ఎనభై నిండినయి. మూడేండ్ల సంది నా పైసలు మీరే వాడుకున్నరు. నెలకు 2,954 రూపాయలు లెక్కన వడ్డీతోని ఇయ్యాలె. ఇయ్యకపోతే కోర్టుకు పోత." పీపీఓ నంబరు ఈసారి పెద్ద అక్షరాల్లో పైనే ఉంది. వెనక ఆధార్‌తో పాటు ఓటరు కార్డు కూడా జత చేసింది, కాగితాలు ఎన్ని ఎక్కువ పెడితే అంత గట్టిగా ఉంటుందని.

ఈ 2,954 ఎలా వచ్చిందో కాగితం మీద చూపించింది. పాస్‌బుక్‌లో నెలకు 14,770 పడుతోంది. దానిలో 20 శాతం 2,954. లెక్క తప్పు లేదు, కానీ మొదలుపెట్టిన అంకె సరైంది కాదు. ఆమె మూల ఫ్యామిలీ పెన్షన్ 9,000, ఏడో వేతన సంఘం తర్వాత కనీస మొత్తం అదే. దానిమీద ధరలను బట్టి పెరిగే కరువు భత్యం, అంటే డీఆర్, అప్పటికి 53 శాతం, 4,770. మిగిలిన వెయ్యి రైల్వే ఆసుపత్రికి దూరంగా ఉండేవాళ్ళకిచ్చే మెడికల్ అలవెన్సు. 20 శాతం పడేది మూల పెన్షన్ మీదే: 1,800. దానిమీద మళ్ళీ 53 శాతం డీఆర్ 954. మొత్తం 2,754. అవ్వ అడిగినదానికీ రావలసినదానికీ తేడా 200 రూపాయలు. ఆ రెండొందలు మెడికల్ అలవెన్సు మీద వేసిన ఇరవై శాతం. పైగా వెనకటి నెలలకూ అదే అంకె వేసుకుంది, అప్పట్లో డీఆర్ ఇంకా తక్కువ. తన పెన్షన్ ఏ ముక్కలుగా కూడి వస్తుందో ఆమెకు ఎవరూ ఎప్పుడూ రాసివ్వలేదు. పాస్‌బుక్‌లో ఒకే అంకె పడుతుంది.

ఈ ఉత్తరం వెళ్ళి ఉంటే రెండు చోట్ల దెబ్బతినేది. మొదటిది చిరునామా. పీపీఓలో లేని తేదీని బ్యాంకు తనంతట తాను ఎక్కించలేదు. భార్య పుట్టిన తేదీ ఫలానా అని ఆఫీసు తేల్చి, అకౌంట్స్ వాళ్ళు సవరించిన పీపీఓ ఇస్తేనే బ్యాంకు కదులుతుంది. ఆ మాట బ్యాంకువాళ్ళు మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. ఆధార్ జిరాక్స్ తీసుకుని వాళ్ళు చేయగలిగిందేమీ లేదు.

రెండోది ఓటరు కార్డు. అది తొంభైల్లో ఫొటో గుర్తింపు కార్డులు కొత్తగా ఇచ్చినప్పటిది. ఆ కార్డుల మీద పుట్టిన తేదీ ఉండేది కాదు, "1-1-1995 నాటికి వయసు" అని ఉండేది. అవ్వ కార్డు మీద 50 అని ఉంది. అంటే పుట్టింది 1944లో. ఆధార్ ఏమో 1942 అంటోంది. తన కేసును తానే కొట్టేసే కాగితం అవ్వ స్వయంగా కుట్టి పెట్టింది! మనం ఏం చేస్తామో మనకు తెలుసు: "పుట్టిన తేదీలో వ్యత్యాసం ఉన్నందున తగిన రుజువు సమర్పించగలరు" అని ఒక మెమో. ఏ రుజువు తగినదో అందులో ఉండదు. ఆ మెమో పట్టుకుని అవ్వ ఏ గుమ్మం ఎక్కాలి?

ఆధార్‌లో 01-01 చూడగానే మీలో చాలామంది పెదవి విరుస్తారని కూడా తెలుసు. పుట్టిన రోజు తెలియనివాళ్ళకు నమోదు దగ్గర అంచనా వయసు వేసుకుని జనవరి ఒకటి పెట్టేశారు, ఆ తరంలో సగం ఊరు ఒకే రోజు పుట్టింది. పాన్, పదో తరగతి, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివేవీ లేనివాళ్ళ విషయంలో ఓటరు కార్డు, ఆధార్ కూడా చూడవచ్చని కేంద్రం తర్వాత వెసులుబాటు ఇచ్చింది. కానీ ఆ రెండే కొట్టుకుంటుంటే ఏది చూడాలి?

ఈసారి అవ్వకు ఆ రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "ఓటరు కార్డు రాసినాయన నన్ను అడగనే లేదు. ముఖం చూసి యాభై అని రాసుకున్నడు. నేను గప్పుడు గంత పడుచుగ ఉంటినేమో" అని నవ్వింది. తర్వాత, "మరి నా వయసు ఎవలు అడిగి రాసిన్రు?" అని తనే ప్రశ్న వేసుకుంది.

మొత్తం కేసును నిలబెట్టింది ఈ ప్రశ్నే. రైల్వేలో కుటుంబం వయసులు రాసే చోట్లు ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి పాసుల కోసం ఉద్యోగి ఇచ్చే కుటుంబ డిక్లరేషన్, రెండోది రైల్వే ఆసుపత్రి మెడికల్ కార్డు. అప్పుడు వయసు ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా భార్యకు వచ్చే లాభం ఏమీ లేదు. వయసుకు పెన్షన్ పెరుగుతుందని ఇరవై ఎనిమిదేళ్ళ ముందే ఎవరూ కలగనలేదు. అందుకే ఆ పాత కాగితానికి ఇవాళ చేయించుకున్న ఏ కార్డుకూ లేని విలువ ఉంటుంది. పాస్ డిక్లరేషన్ ఉంటే మీ ఫైల్లో ఉండాలి. మెడికల్ కార్డు అవ్వ ట్రంకుపెట్టెలో, భర్త రిటైర్మెంటు రోజు ఇచ్చిన శాలువా మడతలో దొరికింది. 1980 ఫిబ్రవరి 12న ఇచ్చినది. భార్య, వయసు 38 అని రాసి, డాక్టరు సంతకం, హెల్త్ యూనిట్ ముద్ర. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరులో, అప్పటికి ఆరేళ్ళు అంటే 1942. మొదటి ఉత్తరం మూడో పేజీలో జ్ఞాపకంగా రాసిన మాట, ముద్ర ఉన్న కార్డు, ఆధార్, మూడూ ఒక ఏడాది దగ్గర కలిశాయి.

మూడో ఉత్తరం అప్పుడు రాసింది. మీకు చేరినది ఇదే. కవరు విప్పినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు చూసి ఉండరేమోనని అందులో ముఖ్యమైన భాగం ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. పైన పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, చిరునామా ఉన్నాయి.

"విషయం: ఫ్యామిలీ పెన్షన్ పీపీఓల నా పుట్టిన తేదీ ఎక్కించుట గురించి.

అయ్యా, పీపీఓల నా పుట్టిన తేదీ గడి ఖాళీగ ఉన్నది. జిరాక్సు పెట్టిన. మీ రైల్వే దవాఖాన కార్డుల 12-2-1980 నాడు నాకు 38 ఏండ్లని డాక్టరు రాసి ముద్ర కొట్టిండు. జిరాక్సు పెట్టిన. అసలు కార్డు నా దగ్గర ఉన్నది, చూస్తమంటే తెస్త, పోస్టుల పంపను. ఆధార్ కార్డుల 01-01-1942 ఉన్నది. ఓటరు కార్డుల 1-1-1995 నాటికి 50 అని ఉన్నది, అది నన్ను అడగకుండ రాసింది. 1980ల 38 ఉన్నామెకు 1995ల 50 ఎట్ల ఉంటయి. పాన్ కార్డు, పాస్‌పోర్టు, లైసెన్సు లేవు, బడికి పోలే. దవాఖాన కార్డు ప్రకారం తేదీ పెట్టినా, ఆధార్ ప్రకారం పెట్టినా నాకు ఒప్పుదలే. ఏది పెట్టిన్రో, ఏ నెల నుంచి లెక్క కట్టిన్రో కాగితం మీద రాసి పంపున్రి."

ఓటరు కార్డు సంగతి రాయకుండా ఉంటే ఎవరికీ తెలియదు కదా అని మనవడు అన్నాడు. నేనూ నోరు మూసుకుని విన్నాను, నిజానికి ఆఫీసులో ఉన్న రోజుల్లో చాలామందికి ఆ సలహా ఇచ్చేవాళ్ళను చూశాను. అవ్వ ఒప్పుకోలేదు. "రేపు వాళ్ళే బయటికి తీస్తే నన్ను దొంగదాన్నంటరు. ముందుగాల్నే చెప్తె నేనే సాక్ష్యం" అంది. సెక్షన్‌లో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఎదురు కాగితాన్ని తనే చూపించి, అది ఎందుకు నిలవదో ఒక కూడిక లెక్కతో చెప్పిన అర్జీలు నేను చాలా తక్కువ చూశాను.

ఇంకో మాట కూడా గమనించండి. మొదటి రెండు ఉత్తరాల్లో ఉన్న డబ్బు మాట మూడోదాంట్లో లేదు. తేదీ ఎక్కితే డబ్బు దానంతట అదే వస్తుందని ఆమెకు అర్థమైంది. అందుకే రూపాయల లెక్క నేను ఇక్కడ రాస్తున్నాను, మీకు సులువుగా ఉంటుందని. 1,800 మీద డీఆర్ కలిపితే 2022 మొదటి ఆరు నెలలకు 34 శాతం చొప్పున నెలకు 2,412. తర్వాత ఆరేసి నెలలకు 38, 42, 46, 50, 53 శాతాలు. 2024 డిసెంబరు దాకా మూడేళ్ళకు కలిపితే 93,204 రూపాయలు. ఆధార్ తేదీ తీసుకుంటే ఇదీ బకాయి. మెడికల్ కార్డు తేదీ తీసుకుంటే ఫిబ్రవరి నుంచి మొదలవుతుంది కనుక ఒక నెల 2,412 తగ్గి 90,792 అవుతుంది. అవ్వ ఆ ఒక్క నెలను మీ ఇష్టానికి వదిలేసింది. 2027లో ఎనభై అయిదు నిండి 30 శాతం రావలసినప్పుడూ ఈ తేదీయే పనికొస్తుంది.

తేదీ ఎలా తేల్చాలన్నది మీకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు పుట్టిన తేదీ చెప్పలేక వయసు మాత్రం చెప్పినవాళ్ళకు, నమోదు చేసిన రోజుకు ఆ వయసు నిండినట్టు లెక్కగట్టడం రైల్వేలో పాత పద్ధతి. గ్యాంగుల్లో చేరిన ఎందరి సర్వీసు రిజిస్టర్లలోనో అలా వేసిన తేదీలే ఉన్నాయి, వాటితోనే రిటైర్ చేశాం. అదే పద్ధతిలో 1980 ఫిబ్రవరి 12న 38 నిండినట్టు తీసుకుంటే 1942 ఫిబ్రవరి 12 వస్తుంది. భర్తకు సరిపోయిన లెక్క భార్యకు సరిపోదనడానికి నాకు కారణం కనిపించడం లేదు. అనుమానం ఉంటే మీ ఫైల్లోని పాస్ డిక్లరేషన్ తీసి చూడండి. ఆ కాగితం అవ్వ దగ్గర ఉండదు, మీ దగ్గరే ఉంటుంది. ఆమెను మళ్ళీ రుజువు అడిగే ముందు అది చూడాలి.

భాష గురించి కూడా ఒక మాట. అర్జీ ఇంగ్లీషులోనో హిందీలోనో పెట్టమని పోస్టాఫీసు దగ్గర ఎవరో చెబితే అవ్వ భయపడింది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం తన ఇబ్బంది చెప్పుకునే అర్జీని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇవ్వవచ్చు. అందుకే తెలుగులోనే పంపమన్నాను. భాష కారణంగా అది వెనక్కి వస్తే, ఆ మాట రాతలో ఇవ్వండి.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. అవ్వ అర్జీ సంగతి ఒకటి. ఒప్పుకుంటే ఏ తేదీ, ఏ కాగితం ఆధారంగా, ఏ నెల నుంచి అని చెప్పండి. కాదంటే ఏ కాగితం ఎందుకు చాలదో, ఇంకేది కావాలో పేరుపెట్టి చెప్పండి. "తగిన రుజువు" అన్న మాట వాడకండి.

రెండోది అవ్వకు మాత్రమే సంబంధించింది కాదు, నాకు ఎక్కువ పట్టింది కూడా ఇదే. పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉన్నవి ఎన్ని ఉన్నాయో మీరే తీయగలరు. పెన్షనర్ బతికి ఉన్న కేసులు ముందు చూడండి. ఆయన ఉండగానే భార్య తేదీ ఎక్కించడం సులువు. ఇద్దరూ కలిసి ఒక అర్జీ పెడతారు, ఏ కాగితం ఏ పెట్టెలో ఉందో ఆయనకు గుర్తుంటుంది. ఆయన పోయాక ఆమెకు పీపీఓ అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఏడాదికోసారి వాళ్ళంతా బ్యాంకుకు వస్తారు. గడి ఖాళీగా ఉన్నవాళ్ళ జాబితా అక్టోబరు లోపు బ్యాంకులకు పంపితే, కౌంటర్లో "మీరు ఎనభై దాటినట్టు లేదు" అని పంపించే బదులు, ఫలానా ఆఫీసుకు ఈ కాగితాలతో రాయండి అని ఒక చీటీ చేతికి ఇవ్వవచ్చు. ఎవరు నింపాలో మొదటిరోజే తెలిసి ఉంటే అవ్వ రెండో ఉత్తరం బ్యాంకు పేరు మీద రాసేదే కాదు.

పెన్షన్ అదాలత్‌లో వేసుకోమని కొందరు సలహా ఇచ్చారు. అదాలత్ మంచిదే, అక్కడ పెద్ద అధికారులు ఒకచోట కూర్చుంటారు. కానీ అది గొడవ తేల్చుకునే చోటు. ఇక్కడ గొడవేమీ లేదు. ఖాళీగా ఉన్న గడిలో ఒక తేదీ రాయాలి, అంతే. దానికోసం ఎనభై దాటిన మనిషిని రైలెక్కించడం నాకు ఇష్టం లేదు.

అసలు మెడికల్ కార్డు చూడాలనుకుంటే మీ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్‌ను ఇంటికి పంపండి, అవ్వ చూపిస్తుంది. కార్డు చేతికి మాత్రం ఇవ్వదు, ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. జవాబు తెలుగులో, కాస్త పెద్ద అక్షరాల్లో ఉంటే ఎవరి సాయం లేకుండా చదువుకుంటుంది.

ఇట్లు,
మరో డివిజన్ సెటిల్‌మెంట్ సెక్షన్‌లో రిటైరైన ఒక ఆఫీస్ సూపరింటెండెంట్